‘ఏమీ అనుకోకండి’ అనకుండా అడగండి

ప్రశ్న: మాది హన్మకొండ. మా ఆయనకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. నల్లకుంటలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఫ్లాటు చూసుకున్నాం. కిరాయి నెలకు 22 వేలు, అడ్వాన్సు రెండు నెలలది. ఓనర్ రిటైరైన పెద్దాయన. చాయ్ ఇప్పించి, మా పాప చేతిలో బిస్కెట్లు పెట్టి, సొంత మనుషుల్లా మాట్లాడారు. వచ్చే ఆదివారం అగ్రిమెంటు రాసుకుందాం అన్నారు. ఇల్లు ఆయనదే అని తెలిపే కాగితం, తాజా ఇంటి పన్ను రసీదు చూడకుండా సంతకం పెట్టొద్దని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. అంత మంచాయనను అలా అడిగితే నన్ను నమ్మట్లేదా అని నొచ్చుకోరా? ఇల్లు చేజారిపోతుందేమోనని కూడా భయంగా ఉంది. ఎలా అడగాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమే. కానీ అతను మీ బదులు వెళ్లి అడిగితే మాత్రం పని చెడుతుందని నా అనుమానం. కాగితాలు అడిగినందుకు నొచ్చుకున్న ఓనర్లను నేను పెద్దగా చూడలేదు. అడిగిన తీరుకు నొచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

మనవాళ్లు ఈ సంగతి ఎత్తేటప్పుడు మొదట అనే మాట ‘ఏమీ అనుకోకండి అంకుల్’. అక్కడే సగం చెడిపోతుంది. అప్పటిదాకా ఆయన ఏమీ అనుకోవడం లేదు. ఏదో అనుకోవాల్సిన విషయం రాబోతోందని ఆ మాటతో మనమే చెప్తాం. దానికి తోడు ‘ఈ మధ్య మోసాలు ఎక్కువయ్యాయి కదా’ అంటే, ఎదురుగా కూర్చున్న మనిషిని ఆ మోసగాళ్ల వరసలో నిలబెట్టినట్టే. ‘మా తమ్ముడు అడగమన్నాడు’, ‘మా లాయరు చూడమన్నారు’ అన్నా అంతే, వెనక ఎవరో కూర్చుని తన మీద తీర్పు చెప్తున్నారని ఆయనకు అనిపిస్తుంది. ఈ మూడూ వదిలేయండి. ‘ప్రూఫ్’ అనే మాటా వదిలేయండి. ప్రూఫ్ అంటే ఏదో రుజువు చేసుకోమన్నట్టు వినిపిస్తుంది. జిరాక్స్ అనండి, రసీదు అనండి, వివరాలు అనండి.

మరి ఏ వంకతో అడగాలి? వంక అక్కర్లేదు. అసలు కారణం అగ్రిమెంటులోనే ఉంది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలలకు రాసే మామూలు అగ్రిమెంటు తీసి చూడండి. పార్టీల పేర్లు, చిరునామాలు అయ్యాక మొదటి పేరాలోనే మొదటి పార్టీ ఫలానా ఇంటికి సంపూర్ణ హక్కుదారు అని ఒక వాక్యం ఉంటుంది. చివర్లో షెడ్యూల్ ఉంటుంది. ఇంటి నంబరు, ఫ్లాటు నంబరు, అంతస్తు, విస్తీర్ణం, హద్దులు అక్కడ రాస్తారు. టైపు చేసేవాళ్లు పాత అగ్రిమెంటులో పేర్లు మార్చి ఇచ్చేస్తారు కాబట్టి ఈ వాక్యాన్ని ఎవరూ చదవరు. నేను చాలా ఏళ్లు ఇలాంటి అగ్రిమెంట్లు రాసిపెట్టాను. నా దగ్గరికొచ్చిన వాళ్లకు ఈ వాక్యాన్ని ఇలా మార్చి ఇచ్చేవాణ్ని:

‘మొదటి పార్టీ వారు ______ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ______ సంవత్సరంలో ______ నంబరుగా రిజిస్టరైన దస్తావేజు ద్వారా ఈ ఫ్లాటుకు హక్కుదారు. దీని ఇంటి పన్ను గుర్తింపు సంఖ్య ______. ఈ అగ్రిమెంటు తేదీ వరకు ఇంటి పన్ను చెల్లించబడి ఉన్నది.’

ఖాళీలు ఉన్న కాగితాన్ని చూస్తే ఎవరికైనా నింపాలనే అనిపిస్తుంది. మీరు ఆయన్ని ప్రశ్న అడగడం లేదు, కాగితంలో ఖాళీ ఉందని చూపిస్తున్నారు. అందుకే అగ్రిమెంటు టైపు చేయించే బాధ్యత మీరే తీసుకోండి. ‘మీకెందుకమ్మా శ్రమ’ అని ఆయన అన్నా, ‘పరవాలేదు అంకుల్, ఖర్చు మాదే’ అనండి. ఆ ఒక్క పని మీ చేతిలో ఉంటే మిగతాది దానంతట అదే నడుస్తుంది.

రెండో సంగతి, ముందు మీవి ఇవ్వండి. హైదరాబాద్‌లో ఏ ఓనరైనా కిరాయికి దిగేవాళ్ల ఆధార్, ఆఫీసు ఐడీ అడుగుతారు. పోలీసులు కూడా కిరాయిదార్ల వివరాలు ఉంచుకోమనే చెప్తుంటారు. ఆయన అడిగేదాకా ఆగకుండా మీరే పంపండి. మీ కాగితాలు వెళ్లాక ఆయనవి రావడం ఇచ్చిపుచ్చుకోవడం అవుతుంది. అంతకుముందే అడిగితే అది తనిఖీ.

వేళ కూడా చూసుకోవాలి. ఇల్లు చూసిన రోజే అడిగితే తొందర. అడ్వాన్సు చేతిలో పెట్టాక అడిగితే ఆలస్యం. కిరాయి, అడ్వాన్సు ఖాయమయ్యాక, డబ్బు ఇవ్వకముందు అడగాలి. మీరు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నారు. ఆదివారం సంతకాలంటే బుధ, గురువారాల్లో మెసేజ్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే మాట తడబడుతుంది, ఆయనా అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సి వస్తుంది. మెసేజ్ అయితే బీరువా తీసి వెతుక్కోవడానికి ఆయనకు సమయం ఉంటుంది. మీ మాటల్లోకి మార్చుకుని ఇలా రాయొచ్చు:

‘నమస్తే అంకుల్. ఇల్లు మా అందరికీ బాగా నచ్చింది. నెలకు 22,000 కిరాయి, 44,000 అడ్వాన్సు, అనుకున్నట్టే రాయిస్తున్నాను. మా ఇద్దరి ఆధార్, మా ఆయన ఆఫీసు ఐడీ దీంతోపాటు పంపిస్తున్నాను. అగ్రిమెంటులో ఇంటి వివరాలు నింపడానికి సేల్‌డీడ్‌లో మీ పేరున్న మొదటి పేజీ, షెడ్యూల్ ఉన్న పేజీ, ఈ ఏడాది ఇంటి పన్ను రసీదు కావాలి. ధర ఉన్న పేజీలు అక్కర్లేదు. ఫొటో పంపడం ఇబ్బందైతే శనివారం సాయంత్రం మేమే వస్తాం, అక్కడే చూసి నంబర్లు రాసుకుంటాను.’

ఇందులో ‘ధర ఉన్న పేజీలు అక్కర్లేదు’ అన్న మాట చిన్నదే కానీ చాలా పని చేస్తుంది. ఓనర్లు సేల్‌డీడ్ చూపించడానికి ఎందుకు వెనకాడతారో తెలిస్తే ఆ మాట విలువ అర్థమవుతుంది. దాచాల్సింది ఏదో ఉండి వెనకాడేవాళ్లు తక్కువ. ఎక్కువమందికి ఉండే భయాలు వేరు. ఎంతకు కొన్నారో, ఎంతకు రిజిస్ట్రేషన్ చేయించారో కిరాయిదారుకు తెలియడం ఇష్టం ఉండదు. కాగితాల ఫొటో ఎవరి ఫోన్లోకో వెళ్లి, దాంతో దొంగ దస్తావేజు పుడుతుందేమోనన్న భయం ఉంటుంది. అది ఉత్త అపోహ అని నేను అనను. ఇంకొందరికి పన్ను సంగతి. జీహెచ్‌ఎంసీ ఇంటి పన్ను లెక్కకు ఆ ప్రాంతంలో చదరపు అడుగుకు నెలకు వచ్చే అద్దె విలువే ఆధారం. రసీదూ అసలు కిరాయీ పక్కపక్కన పెడితే ఏం తంటా వస్తుందోనని వాళ్ల దిగులు. మీకు వాటితో పని లేదని ముందే తెలిస్తే ఆ భయాలు చాలావరకు దిగిపోతాయి. జిరాక్స్ ఇచ్చినా, దాని మీద అడ్డంగా ‘కిరాయి అగ్రిమెంటు కోసం మాత్రమే’ అని తేదీ వేసి రాసుకోమని మీరే చెప్పండి. అలా చెప్పిన కిరాయిదారు మీద ఓనర్‌కు గౌరవం పెరుగుతుంది, ఇది నేను కళ్లారా చూసిందే.

ఒక జాగ్రత్త. పాన్ నంబరు ఇదే మెసేజ్‌లో అడగకండి. మీ ఆయన పాత పన్ను విధానంలో ఉండి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకుంటుంటే, ఏడాది కిరాయి లక్ష దాటిన వాళ్లకు ఓనర్ పాన్ కావాలి. మీది 2,64,000 అవుతుంది కాబట్టి తప్పదు. సంతకానికి ముందే అడగాలి కూడా. అయితే మూడూ ఒకేసారి అడిగితే ఆయనకు ఇన్‌కమ్ ట్యాక్సే కనిపిస్తుంది, మిగతా రెండూ మరుగున పడతాయి. సేల్‌డీడ్, రసీదు వచ్చాక మర్నాడు ‘ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏకు ఇవ్వాలి అంకుల్’ అని విడిగా అడగండి.

ఇప్పుడు రసీదు మీ చేతికి వచ్చిందనుకుందాం. చాలామంది పేరు చూసి ఊరుకుంటారు. పేరుకన్నా ముందు ఇంటి నంబరు చూడండి. అది మీరు దిగబోయే ఫ్లాటుదేనా? నల్లకుంట లాంటి పాత పేటల్లో వార్డు, బ్లాకు అంకెలతో మొదలయ్యే పొడుగాటి నంబర్లుంటాయి. చివర్న గీత పక్కన ఫ్లాటు నంబరు ఉండాలి. ఆ చివరి అంకె తేడాగా ఉంటే అది అదే అపార్టుమెంటులో ఇంకో ఫ్లాటు రసీదు కావచ్చు. రెండు ఫ్లాట్లున్న ఓనర్లు పొరపాటున ఒకదానికి బదులు ఇంకొకటి ఇస్తుంటారు. తర్వాత ఏ కాలానికి కట్టారో చూడండి. పన్ను ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి దాకా, రెండు అర్ధసంవత్సరాలుగా లెక్కిస్తారు. ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం కట్టేస్తే 5 శాతం రాయితీ ఇస్తుంటారు కాబట్టి, రిటైరైన పెద్దలు చాలామంది అప్పుడే కట్టేస్తారు. ఆయన ఇంకా ఈ ఏడాదిది కట్టకుండా పోయిన ఏడాది రసీదు ఇస్తే అదేమీ తప్పు కాదు. పాత బకాయి లేదని తెలిస్తే మీకు చాలు.

అది తెలుసుకోవడానికి ఆయన్ని మళ్లీ అడగక్కర్లేదు. రసీదు మీద PTIN అని ఒక నంబరు ఉంటుంది. జీహెచ్‌ఎంసీ ఇంటి పన్ను ఆన్‌లైన్‌లో కట్టే పేజీలో ఆ నంబరు కొడితే యజమాని పేరు, ఇంటి నంబరు, పాత బకాయి, దాని మీద వడ్డీ, ఈ ఏడాది కట్టాల్సింది అన్నీ కనిపిస్తాయి. అంటే రసీదు దొరకలేదని ఆయన అన్నా, ‘ఆ నంబరు చెప్పండి అంకుల్, చాలు’ అనొచ్చు. రసీదు కన్నా ఆ పేజీయే తాజా. రసీదు ఆయన కట్టిన రోజు సంగతి చెప్తుంది, పేజీ ఈ రోజు సంగతి చెప్తుంది.

బకాయి ఉంటే మీకేం అని అడగొచ్చు. ఇంటి పన్ను కట్టాల్సింది మొదట ఓనరే. ఆయన దగ్గర వసూలు కాకపోతే, ఉంటున్నవాళ్ల దగ్గర రాబట్టే అధికారం కార్పొరేషన్‌కు చట్టంలో ఉంది. అలా కట్టినది కిరాయిలో పట్టుకునే హక్కు మీకూ ఉంది. కట్టాల్సిన పన్ను ఆలస్యమైతే నెలకు 2 శాతం చొప్పున వడ్డీ పడుతుంది కాబట్టి ఏళ్ల తరబడి వదిలేసిన బకాయి చిన్న మొత్తంగా ఉండదు. అందుకని అగ్రిమెంటులో ఒక్క వాక్యం వేయించండి: ‘ఇంటి పన్ను మొదటి పార్టీయే చెల్లించును, రెండో పార్టీ చెల్లించవలసి వచ్చినచో ఆ మొత్తమును కిరాయిలో మినహాయించుకొనవచ్చును.’ ఎవరూ కాదనరు.

ఇక పేరు. ఇక్కడే మనవాళ్లు అనవసరంగా కంగారు పడతారు. రసీదు మీద వేరే పేరుందంటే మోసం అన్నట్టు కాదు. ఇంటి పన్ను రసీదు అసలు హక్కు పత్రమే కాదు. ఎవరి పేరున పన్ను నమోదై ఉందో మాత్రమే అది చెప్తుంది.

కొన్నేళ్ల కిందట బర్కత్‌పురలో ఒక జంటకు అగ్రిమెంటు రాసిచ్చాను. రెండో అంతస్తు, 203 నంబరు ఫ్లాటు. ఓనరమ్మ అడగ్గానే రసీదు ఫొటో పంపారు. దాని మీద ఆమె పేరు లేదు, అపార్టుమెంటు కట్టిన బిల్డర్ కంపెనీ పేరుంది. ఆ అబ్బాయి బెదిరిపోయి, ఇల్లు వదిలేద్దామని నా దగ్గరికొచ్చాడు. రసీదు చూశాను. ఇంటి నంబరు చివర 203 అని సరిగ్గానే ఉంది. అప్పుడు సేల్‌డీడ్ షెడ్యూల్ పేజీ అడగమన్నాను. ‘ఆంటీ, రసీదులో బిల్డర్ పేరు కనిపిస్తోంది, అగ్రిమెంటులో మీ పేరే రావాలి కదా, సేల్‌డీడ్ నంబరు వేద్దాం’ అని అతనితో అనిపించాను. ఆమె పంపారు. అందులో రెండో అంతస్తు, ఫ్లాటు 203, 1,050 చదరపు అడుగులు, కింద స్థలంలో 35 గజాల వాటా అని రాసుంది. అమ్మినవాళ్లు అదే బిల్డర్, కొన్నది ఆవిడ. దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పేరు తీసుకుని ఈసీ చూశాం. బిల్డర్ నుంచి ఆవిడకు అమ్మకం, ఆ తర్వాత ఇంకేమీ లేదు. జరిగిందేమిటంటే, కొన్నాక ఆవిడ కరెంటు మీటరు తన పేరుకు మార్పించుకున్నారు కానీ పన్నుకు మ్యుటేషన్ చేయించుకోలేదు. ఏటా పన్ను కడుతూనే ఉన్నారు, రసీదు మీద పేరు ఏనాడూ చదవలేదు. మేం అగ్రిమెంటులో ‘మున్సిపల్ రికార్డులో పన్ను పూర్వపు యజమాని పేరున కొనసాగుచున్నప్పటికీ’ అని ఒక మాట చేర్చి, ఆవిడతోనే సంతకం పెట్టించాం. ఆవిడ కోపం తెచ్చుకోలేదు సరికదా, ‘నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు నాయనా’ అని ఆ నెలలోనే మ్యుటేషన్‌కు అర్జీ పెట్టుకున్నారు.

ఈసీ గురించి రెండు మాటలు చెప్పాలి. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ సైటు registration.telangana.gov.in లో దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చి వెతకొచ్చు. 1983 నుంచి ఉన్న వివరాలు అందులో దొరుకుతాయి. షెడ్యూల్ పేజీలోని నంబర్లు మీ దగ్గర ఉంటే ఇదంతా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, ఆయనకు చెప్పాల్సిన పని కూడా లేదు. అందులో బ్యాంకు తనఖా కనిపిస్తే బెదరకండి. నగరంలో సగం ఫ్లాట్లు హోమ్ లోన్ మీదే ఉన్నాయేమో అనిపిస్తుంది. అసలు కాగితాలు బ్యాంకులో ఉన్నాయని ఆయన చెప్తే అదీ మామూలే, వాళ్ల దగ్గర జిరాక్స్ సెట్టు ఉంటుంది. గోడకో తలుపుకో బ్యాంకు నోటీసు అంటించి ఉంటే మాత్రం ఆ ఇంటి వైపు వెళ్లొద్దు. ఈసీకి ఒక పరిమితి ఉంది. రిజిస్టర్ కానిది ఏదీ అందులో కనిపించదు. అన్నదమ్ముల గొడవ కనిపించదు, వీలునామా కనిపించకపోవచ్చు.

నన్నడిగితే హైదరాబాద్‌లో కిరాయిదార్లకు దొంగ ఓనర్ల వల్ల కన్నా కుటుంబాల వల్లే ఎక్కువ తిప్పలు. నా అనుభవమే చెప్తాను. పెళ్లైన కొత్తలో ఒక ఇండిపెండెంట్ ఇంటి పైవాటాలో దిగాం. కింద ఉండే పెద్దన్నకే కిరాయి ఇచ్చేవాణ్ని, అడ్వాన్సూ ఆయనకే ఇచ్చాను. ఏడాది తిరగకముందే తమ్ముడొచ్చి, పైవాటా నాన్న నాకు రాసిచ్చారు, కిరాయి ఇకనుంచి నాకివ్వాలి అన్నాడు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు అన్నను అడిగితే తమ్ముణ్ని అడగమన్నాడు, తమ్ముడు నా చేతికి ఇవ్వలేదు కదా అన్నాడు. ఇద్దరూ చెడ్డవాళ్లేం కాదు. మొదటి రోజు పన్ను రసీదు చూసి ఉంటే దాని మీద వాళ్ల నాన్నగారి పేరుందని, ఆయన అప్పటికే పోయారని నాకు తెలిసేది. అప్పుడు ఇద్దరితో సంతకం పెట్టించేవాణ్ని.

చట్టం కూడా ఈ విషయంలో ఒక గమ్మత్తైన గీత గీసింది. కిరాయిదారుగా ఒకసారి ఇంట్లోకి దిగాక, ‘నేను దిగేనాటికే ఈయన ఓనర్ కాదు’ అని కోర్టులో వాదించే వీలుండదు. పాత సాక్ష్యాధారాల చట్టంలో 116వ సెక్షన్‌గా ఉన్న ఈ మాట, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంది. సంతకానికి ముందే అడగమనేది అందుకే, ఆ తర్వాత ఆ ప్రశ్నకు చోటు లేదు. దీనికి రెండో వైపు మీకు అనుకూలం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 50వ సెక్షన్ ప్రకారం, నిజాయితీగా నమ్మి కిరాయి కట్టినవాళ్లను, తర్వాత అసలు హక్కుదారు ఇంకొకరని తేలినా, ఆ కట్టిన కిరాయి మళ్లీ కట్టమనకూడదు. మీరు దస్తావేజు నంబరు, రసీదు చూసి దిగారన్నదే ఆ నిజాయితీకి ఆధారం. ఈ రక్షణ కిరాయికే, అడ్వాన్సుకు వర్తిస్తుందని అనుకోవద్దు. అడ్వాన్సు కాగితం మీద పేరున్న మనిషి ఖాతాకే వేయాలి.

ఆ పేరు మీతో మాట్లాడుతున్న పెద్దాయనది కాకపోతే? నాకు ఎక్కువగా ఎదురైనవి మూడు. ఒకటి, ఇల్లు భార్య పేరున ఉండటం. ఇది మన ఇళ్లలో సర్వసాధారణం. అప్పుడు అగ్రిమెంటులో మొదటి పార్టీ ఆవిడే, సంతకం ఆవిడదే. ‘ఆంటీ పేరు మీద రాయిస్తున్నాను అంకుల్, మీరు సాక్షి సంతకం పెట్టండి’ అంటే ఆయన మాటా నిలుస్తుంది. రెండు, చనిపోయిన తండ్రి పేరున ఉండటం. అప్పుడు ఆయనకు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉన్నారా, వాళ్లకు తెలుసా అని మాటల్లో కనుక్కోండి. వీలునామా ఉంటే అది చూడండి. లేకపోతే మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని రాసిన కాగితం, కనీసం వాళ్లలో ఒకరి సాక్షి సంతకం ఉంటే మేలు. మూడు, ఇల్లు అమెరికాలో ఉన్న కొడుకుది, తండ్రి చూసుకుంటుండటం. ఇక్కడ రిజిస్టరైన పవర్ ఆఫ్ అటార్నీ అడగాలి. అందులో ఇల్లు కిరాయికి ఇచ్చే, కిరాయి తీసుకునే అధికారం స్పష్టంగా రాసి ఉండాలి. ఆస్తి అమ్మకానికో కోర్టు పనికో ఇచ్చిన పవర్ మీకు పనికిరాదు. పైగా ఓనర్ ఎన్నారై అయితే కిరాయిలో 30 శాతం, దాని మీద సెస్సు కలిపి టీడీఎస్ పట్టి కట్టాల్సిన భారం కిరాయిదారు మీద పడుతుంది, కిరాయి ఎంత తక్కువైనా సరే. చాలామందికి ఇది తెలియదు. అలాంటి ఇల్లైతే సంతకానికి ముందే ఒక ఆడిటర్‌తో మాట్లాడుకోండి.

ఆయన సేల్‌డీడ్ చూపించడానికి ససేమిరా అంటే ఒక్కో మెట్టు దిగండి. జిరాక్స్ వద్దు, ఆయన ఇంట్లోనే చూస్తాం అనండి. అదీ కాకపోతే దస్తావేజు నంబరు, సంవత్సరం చెప్తే చాలనండి. అదీ కాకపోతే పన్ను నంబరు, కరెంటు బిల్లు. కరెంటు బిల్లు మీద పేరు హక్కుకు రుజువు కాదు కానీ, పన్ను పేజీలోని పేరుతో కలిస్తే కొంత ధైర్యం. అపార్టుమెంటు అసోసియేషన్ సెక్రటరీ దగ్గరికి ‘మెయింటెనెన్స్ ఎంత, నీళ్ల ట్యాంకరు ఖర్చు ఎలా పంచుతారు’ అని అడగడానికి వెళ్తే ఆ ఫ్లాటు ఓనర్ ఎవరో ఆయనే చెప్తాడు. ఏ మెట్టు మీదా కాలు పెట్టనివ్వకుండా ‘నమ్మితే దిగండి, లేకపోతే మానండి’ అంటే, మానడమే మంచిదని నా అభిప్రాయం. 44 వేలు పెట్టి ఆ పంతం కొనుక్కోవద్దు. కానీ చాయ్ ఇప్పించి బిస్కెట్లు పెట్టిన మనిషి దగ్గర అంతదాకా వస్తుందని నేననుకోను.

శనివారం వెళ్లినప్పుడు ముందు ఆయన చూపించిందంతా చూసి, పేజీల ఫొటోలు తీయకుండా నంబర్లు మాత్రమే చీటీ మీద రాసుకోండి. చూడగానే కాగితాలు ఆయన చేతికి తిరిగి ఇచ్చేయండి. ఆదివారం నాడు టైపైన అగ్రిమెంటులో ఆ నంబర్లు సరిగ్గా పడ్డాయో లేదో ఆయన్నే చదవమని, ‘మీ ఇంటి నంబరు కరెక్టేనా అంకుల్’ అని అడగండి. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో అంకె చూసుకున్నాక, సంతకం పేజీ తిప్పండి.